బెంగను బెంగలాగే రాయి

అక్కా, నాకు 29. మాది ఒంగోలు. నేనూ నా స్నేహితురాలూ ఇంజినీరింగ్ హాస్టల్ గది నుంచి 11 ఏళ్లుగా కలిసే ఉన్నాం. ఇప్పుడు మారతహళ్లిలో ఒకే ఫ్లాట్. పోయిన ఆదివారం రాత్రి తెనాలిలో వాళ్లింటి నుంచి వీడియో కాల్ చేసి, తాంబూలాలు మార్చుకున్నారని, శ్రావణంలో పెళ్లని చెప్పింది. పెళ్లిచూపులైన సంగతే నాకు తెలియదు. "కంగ్రాట్స్ వే" అని నవ్వి, నెట్ సరిగా లేదని పెట్టేశాను. తర్వాత బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అది బాగుండాలనే ఉంది. కానీ నన్ను వెనక వదిలేసి వెళ్లిపోతున్నట్టుంది. నిజం దాచకుండా దానికో ఉత్తరం రాశాను, జతచేస్తున్నాను. పంపొచ్చా? అది వచ్చే శనివారం తిరిగొస్తుంది.

— ఒక సోదరి, బెంగళూరు

పంపకు. అలాగని చింపెయ్యకు కూడా. రెండో పేజీ అడుగున ఒక మాట రాశావు చూడు: "పొద్దున నువ్వు గ్యాస్ వెలిగించిన చప్పుడు వినపడితే ఇంకో పది నిమిషాలు పడుకోవచ్చని ధైర్యం." అక్కడ నేను చదవడం ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను. నువ్వు రాయాలనుకున్న ఉత్తరం అదే. మిగతాదంతా దాని మీద పేరుకుపోయింది. ముందు ఆ పేరుకున్నది తీద్దాం.

నేనూ ఇలాంటి ఉత్తరం రాశాను కాబట్టి ఇంత ధైర్యంగా వద్దంటున్నాను. 1998లో మల్లేశ్వరంలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. నా ప్రాణ స్నేహితురాలికి సంబంధం కుదిరిందని తెలిసిన రాత్రే కూర్చుని ఐదు పేజీలు రాసి, తెల్లారగానే పోస్టు చేసేశాను. వాళ్లది ఉమ్మడి కుటుంబం, ఉత్తరం ఎవరి చేతికి వస్తే వాళ్లు విప్పి చదివే ఇల్లు. దాని కంటే ముందు వాళ్ల పెద్దమ్మ చదివింది. "నీకిది నిజంగా ఇష్టమేనా? నన్ను మర్చిపోతావు కదూ" అని రాశాను అందులో. ఆ ఇంట్లో అందరికీ అనుమానం వచ్చింది, పిల్లకి పెళ్లి ఇష్టం లేదేమో, ఆ మాట స్నేహితురాలితో చెప్పుకుందేమో అని. రెండు రోజులు అది అందరికీ సంజాయిషీ చెప్పుకుంది. తర్వాత నాకొక కార్డు వచ్చింది. "నేనేం తప్పు చేశానే?" అని ఒకటే ముక్క. ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది. నేను రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఎవరితో చెప్పుకోవాల్సింది ఎవరికి రాశానో నాకే తెలియలేదు.

నీ ఉత్తరం ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో ఒక పని చేశాను, నువ్వూ చేసి చూడు. ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం వేశాను. దాని మీద బెంగ అయితే "బె". దానికి దక్కింది నాకు దక్కలేదన్న అసూయ అయితే "అ". నా గతేమిటన్న భయం అయితే "భ". మొత్తం 31 వాక్యాలు. బెంగవి 6, అసూయవి 4. మిగిలిన 21 భయానివి. అమ్మ ఏమందో, పక్కింటి ఆంటీ ఏమందో, ముప్పై వచ్చేస్తోందన్నది, ఇంటి అద్దె ఒక్కదానివే ఎలా కట్టుకుంటావన్నది, అడ్వాన్సు సంగతి, వచ్చే కొత్త పిల్ల ఎలాంటిదో అన్నది. నిశ్చితార్థమై వారం కూడా తిరగని పిల్ల చేతిలో నువ్వు పెట్టబోతున్న ఉత్తరంలో మూడింట రెండు వంతులు మీ అమ్మకీ మీ ఓనరుకీ చెప్పాల్సినవి. అది చదివి అది మాత్రం ఏం చేస్తుంది? వాటికి దాని దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా అపరాధ భావం. అదే పట్టుకుని పెళ్లి పనుల్లో తిరుగుతుంది.

బెంగ ఏదో అసూయ ఏదో అప్పుడప్పుడు మనకే తెలియదు, రెండూ ఒకే చోట నొప్పి పెడతాయి. విడదీయడానికి నేను రెండు ఊహలు వాడతాను. మొదటిది, దానికి పెళ్లి కుదరలేదు, కంపెనీ మూడేళ్లకి కెనడా పంపిస్తోంది అనుకో. అప్పుడూ గొంతు పట్టేస్తుందా? పట్టేస్తే ఆ మేరకు అది బెంగ. రెండోది, నీకు పెద్దగా పరిచయం లేని ఆఫీసు పిల్ల ఎవరికో ఇలాంటి మంచి సంబంధమే కుదిరి స్వీట్లు పంచింది అనుకో. ఆ డబ్బాలోంచి మైసూర్‌పాక్ ముక్క తీసుకునేటప్పుడు చిన్నగా ముల్లు గుచ్చుకుంటుందా? ఆ ముల్లు అసూయ. నువ్వు రాసినదాన్ని బట్టి నీకు రెండూ ఉన్నాయి, మొదటిదే చాలా ఎక్కువ. బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకున్నది మొదటిదానికే.

మన భాషలో బెంగ అనే మాట ఉండటం నీ అదృష్టం. "మిస్ అవుతాను" అన్న మాట అరిగిపోయింది, రైలు తప్పిపోయినా అదే మాట. చిన్నపిల్లలు అమ్మమ్మ ఊరి నుంచి వచ్చాక రెండు రోజులు అన్నం మానేస్తారు, ఒళ్లు వెచ్చబడుతుంది. బెంగ పెట్టుకుందమ్మా అంటారు ఇంట్లో. ఎందుకు పెట్టుకున్నావని ఆ పిల్లని ఎవరూ తిట్టరు, అమ్మమ్మ తప్పు చేసిందనీ ఎవరూ అనరు. దగ్గర కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెడతారు, అంతే. నీ ఉత్తరంలో ఆ మాట ఒక్కసారి కూడా లేదు. "ఒంటరిని చేశావు", "వదిలేశావు" అని నాలుగు చోట్ల ఉంది. వాటిలో ఎవరో ఏదో చేశారన్న ఫిర్యాదు ఉంది. ఆ నాలుగు చోట్లా కొట్టేసి "బెంగగా ఉంది" అని రాసి చదివి చూడు. ఒక్క నిజం కూడా తగ్గదు, నింద మాత్రం పోతుంది.

మరి అసూయ దాచెయ్యాలా అని అడుగుతావు. వద్దు. 11 ఏళ్లు ఒకే గదిలో పడుకున్న మనిషి అది. నువ్వు అరనిమిషంలో ఫోన్ పెట్టేసినప్పుడే దానికి ఏదో తెలిసింది. ఏమీ లేనట్టు రాస్తే ఉత్తరంలో మిగతాదీ నమ్మదు. ఒక్క వాక్యం రాయి. "కొంచెం చివుక్కుమంది, నీకు కుదిరింది నాకింకా లేదు అని." అక్కడితో ఆపు. ఎందుకు చివుక్కుమందో, ఎప్పటి నుంచి అలా ఉందో, నీకొచ్చిన సంబంధాలు ఎలా తప్పిపోయాయో వివరించొద్దు. వివరించేకొద్దీ అది నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. వెంటనే ఇంకో వాక్యం ఉండాలి, అది నా సంగతి, నేను చూసుకుంటాను అని. ఈ రెండో వాక్యం లేకపోతే మొదటిది రాయకపోవడమే మేలు.

ఇక 21 వాక్యాల భయం. ఇది ఉత్తరంలోకి రాకూడదు గానీ ఎక్కడికో ఒక చోటికి పోవాలి, లేకపోతే మాటల సందులోంచి కారుతూనే ఉంటుంది. అమ్మ సంగతి అమ్మతోనే, వేరే రోజు, ఫోన్లో కాకుండా ఊరెళ్లినప్పుడు. ఇంటి సంగతి వేరే కాగితం మీద, కనీసం రెండు వారాలు ఆగి. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం అద్దె 26,000, అడ్వాన్సు 1,50,000, చెరి 75,000. అది వెళ్లేటప్పుడు ఓనర్ని కదపకుండా, వచ్చే పిల్ల ఇచ్చే 75,000 దానికి ఇచ్చేయడమే ఇక్కడ అందరూ చేసేది. కానీ ఖాళీ చేసే రోజున పెయింటింగ్ అని ఒక నెల అద్దె పట్టుకోవడం ఈ ఊళ్లో మామూలు. మీ అగ్రిమెంట్లో ఆ మాట ఉందో లేదో చూడు. ఉంటే అది ఉన్న ఏళ్లకి దాని సగం 13,000 ఇప్పుడే పక్కన పెట్టి, 62,000 దాని చేతికివ్వాలి. కొత్త పిల్ల పేరు ఓనరుకి ముందే చెప్పి, 11 నెలల అగ్రిమెంట్ మళ్లీ రాసుకునేటప్పుడు చేర్పించు. ఇదంతా కలిపి పది నిమిషాల మాట. ఉత్తరంలో "ఇల్లు సంగతి కూడా ఆలోచించలేదు నువ్వు" అని రాసినప్పుడు మాత్రం అది 11 ఏళ్ల స్నేహం మీద పడింది.

ఇప్పుడు నీ ఉత్తరంలోని మూడు వాక్యాలు పట్టుకుని చూద్దాం. పైకి మంచిగా కనపడతాయి, అందుకే వాటి దగ్గర కాసేపు ఆగాలి.

"నువ్వు సుఖంగా ఉంటే చాలు, నాదేముందిలే." దీన్ని ఉదారం అనుకుని రాశావు. "నాదేముందిలే" అన్న మాట మన ఇళ్లల్లో ఎవరు ఎప్పుడు అంటారో గుర్తు చేసుకో. పండగకి అందరికీ చీరలు కొన్నాక అమ్మ అంటుంది. ఆ మాట వినగానే ఎదుటివాళ్లు చేతిలో ఉన్నది కింద పెట్టి "అదేంటమ్మా అలా అంటావ్" అనాల్సిందే. ఇచ్చినట్టే ఉంటుంది గానీ అడగడమే. ఈ వాక్యం మొత్తం కొట్టెయ్యి, దాని బదులు ఏమీ రాయనక్కర్లేదు.

"పెళ్లయ్యాక కూడా మారనని మాటివ్వు." అది ఇవ్వలేని మాట అడుగుతున్నావు. రేపు ఏ ఊళ్లో ఉంటుందో, ఆ ఇంట్లో పొద్దున్నే ఎవరు లేస్తారో, ఫోన్ మాట్లాడుకోవడానికి ఒక గది ఉంటుందో ఉండదో దానికే తెలియదు. ఇవ్వకపోతే నీకు కోపం, ఇచ్చి తప్పితే దానికి బాధ. నీ చేతిలో ఉన్నది నువ్వు రాయి. ఆదివారం పొద్దున నేనే ఫోన్ చేస్తాను, ఎత్తలేకపోతే ఏమీ అనుకోను, తర్వాతి ఆదివారం చేస్తాను. ఇలా రాసిన తర్వాత నిజంగానే ఏమీ అనుకోకూడదు, అది కష్టం. మొదటి ఆరు నెలల్లో చాలా ఆదివారాలు ఫోన్ ఎత్తదు.

"అన్నీ అయిపోయాక చివర్లో చెప్పావు." ఈ గాయం నాకర్థమైంది, నీకు అన్నిటికంటే లోతుగా తగిలింది ఇదే అనుకుంటున్నాను. కానీ కాగితం మీద పెట్టకు. మన ఇళ్లల్లో సంబంధం కుదిరేదాకా బయటికి పొక్కనివ్వరు. మొదట సరే అని తర్వాత వద్దన్న ఇళ్లు ఎన్ని చూసుంటారు వాళ్లమ్మానాన్నా. "తాంబూలాలు అయ్యేదాకా ఎవరికీ చెప్పకు, దానిక్కూడా" అని వాళ్లమ్మ ఒట్టు వేయించుకుని ఉండొచ్చు. లేదా నీకెలా చెప్పాలో తెలియక నాన్చి ఉండొచ్చు, నిన్ను బాధపెట్టకూడదనే. కారణం నీకు తెలియదు. తెలియనప్పుడు రాస్తే నేరం మోపినట్టు ఉంటుంది, ఎదురుగా కూర్చుని అడిగితే ప్రశ్నలా ఉంటుంది. "చూపులప్పుడు నాకెందుకు చెప్పలేదే?" అని వంటింట్లో, ఏదో తరుగుతూ, మామూలు గొంతుతో అడుగు. ఉత్తరం ఇచ్చిన రోజు కాకుండా ఇంకో రోజు.

అసలు ఉత్తరం కంటే ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. అది సంతోషం మోసుకుని నీ దగ్గరికి వచ్చింది, నువ్వు అరనిమిషంలో తలుపు వేసేశావు. షెల్లీ గేబుల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు ఇలాంటి క్షణాల మీదే పరిశోధన చేశారు. 2006లో ప్రేమలో ఉన్న జంటల మీద అచ్చువేసిన ఫలితాల్లో, చెడ్డ కబురు చెప్పినప్పుడు ఎలా స్పందించారన్నదాని కంటే మంచి కబురు చెప్పినప్పుడు ఎలా స్పందించారన్నదే ఆ బంధం ఎంత బాగుందో ఎక్కువగా చెప్పిందని తేలింది. ముభావంగా ఒక "కంగ్రాట్స్" అని ఊరుకోవడం అందులో బంధానికి మేలు చేసే స్పందన కాదు. వివరాలు అడిగి, చెప్పేవాళ్ల చేత ఆ క్షణాన్ని మళ్లీ బతికించడం మేలు చేసేది. జంటల మీద చేసినా, స్నేహితుల విషయంలో నేను జీవితంలో చూసింది కూడా ఇదే.

కాబట్టి బుధవారం లోపు ఫోన్ చెయ్యి. ఒక అరగంట తీరిక పెట్టుకుని చెయ్యి. "ఆ రోజు సరిగా వినలేదే, మొదటి నుంచి చెప్పు" అను. తర్వాత అడగాల్సినవి చిన్నవి. ఏ చీర కట్టుకున్నావు? అతను మొదట ఏం మాట్లాడాడు? నీకు సరే అనిపించింది ఏ మాట దగ్గర? మీ నాన్న ఏడ్చాడా? వింటున్నప్పుడు మళ్లీ గొంతు పట్టేస్తే పట్టేయనీ, ఫోన్ మాత్రం పెట్టకు. ఆ కాల్‌లో నీ సంగతి ఎత్తొద్దు. అందులో ఏదో ఒక చోట, ఏదో ఒక చిన్న వివరం దగ్గర, నీకు నిజంగా సంతోషం వేస్తుంది. అది వచ్చిందో లేదో నీకు తెలుస్తుంది, ముఖం సడలుతుంది. ఆ వివరం గుర్తు పెట్టుకో, ఉత్తరంలో దానికి చోటుంది. ఒకవేళ ఎక్కడా రాకపోతే ఉత్తరం ఇంకో రెండు వారాలు ఆపు. లేని సంతోషాన్ని రాస్తే అది కనిపెడుతుంది.

ఉదారం గురించి కూడా ఒక మాట. "ఏ సాయం కావాలన్నా అడుగు" అని రాశావు. పెళ్లికూతురు అడగదు, అడిగే తీరిక ఉండదు. ఏం చేస్తావో నువ్వే చెప్పు, చేయగలిగినంతే చెప్పు. జాకెట్లకి మగ్గం వర్క్ చేయించాలంటే కొలతలకీ, డిజైన్ చూడటానికీ, సరిచేయించడానికీ మూడు నాలుగు సార్లు తిరగాలి, శ్రావణం దగ్గరపడితే టైలర్లు చేతులెత్తేస్తారు. ఆ శనివారాలు నువ్వు తోడు వెళ్లగలవు. పెళ్లి రోజు పిన్నీసుల డబ్బా పట్టుకుని దాని వెనక ఉండగలవు. తలంబ్రాల హడావుడిలో కుచ్చిళ్లు జారితే ఆ డబ్బా విలువ తెలుస్తుంది. "పదిరోజుల ముందే వచ్చేస్తా" అని నీ ఉత్తరంలో ఉంది. నీకు అన్ని సెలవులున్నాయా? లేకపోతే రాయకు. ఇవ్వలేనిది ఇస్తానని, తర్వాత మేనేజరుతో గొడవపడి వచ్చి, అక్కడ ఎవరూ పట్టించుకోలేదని ముడుచుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. రెండు రోజుల ముందు వస్తానని రాసి, మూడు రోజుల ముందు వెళ్లు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. తేదీ తెలియగానే వెనక్కి లెక్కపెట్టి ఆ పొద్దున 8 గంటలకి కూర్చో.

పెళ్లిలో నిన్ను "నీ పప్పన్నం ఎప్పుడమ్మా" అని కనీసం పదిమంది అడుగుతారు. దానికి జవాబు ఇప్పుడే అనుకుని ఉంచుకో. "ముందు దీని పప్పన్నం తినండి పిన్నిగారూ" అని విస్తట్లో ఇంకో గరిటె వేయించు. దీన్ని తలుచుకుని ఉత్తరంలో నాలుగు వాక్యాలు రాశావు, అవి తీసెయ్యి.

ఇప్పుడు ఉత్తరం. నీ మాటలే తీసుకుని, కూర్చుని ఒకటి రాశాను. కాఫీ గ్లాసుల ముక్క నా ఊహ, ఆ చోట నువ్వు బుధవారం విన్నది పెట్టుకో. చేత్తో రాయి, ఒక్క పేజీ దాటకు.

"ఏమే,

ఆదివారం నెట్ బాగానే ఉంది. ఏడుపొస్తుందేమోనని పెట్టేశాను. నీకంత సంతోషమైన రోజున అలా చేసినందుకు సారీ.

మొన్న నువ్వు చెబుతుంటే, అతను తాగిన కాఫీ గ్లాసులు తనే లోపలికి తెచ్చి పెట్టాడన్న చోట నాకు నిజంగా సంతోషమేసింది. నీకలాంటి మనిషే కావాలని మనం హాస్టల్ మేడ మీద కూర్చుని ఎన్నిసార్లు అనుకున్నాం.

కొంచెం చివుక్కుమన్నది కూడా నిజం. నీకు కుదిరింది, నాకింకా లేదు అని. అది నా సంగతి, నేను చూసుకుంటాను. దానికోసం నా ముందు నీ సంబరం తగ్గించుకున్నావంటే మాత్రం ఊరుకోను. చీరల ఫొటోలన్నీ నాకే ముందు రావాలి.

బెంగ మాత్రం చాలా ఉందే. పొద్దున నువ్వు గ్యాస్ వెలిగించిన చప్పుడు వినపడితే ఇంకో పది నిమిషాలు పడుకోవచ్చని నాకు ధైర్యం. ఆ చప్పుడు లేకుండా లేవడం నేర్చుకుంటాలే. శ్రావణం దాకా టైముంది.

మగ్గం వర్క్‌కి శనివారాలు నేను తోడొస్తాను. పెళ్లికి రెండు రోజుల ముందు తెనాలిలో ఉంటాను. పిన్నీసుల డబ్బా నా దగ్గరుంటుంది, వెతుక్కోకు.

పెళ్లయ్యాక ఆదివారం పొద్దున నేనే ఫోన్ చేస్తాను. ఎత్తలేకపోతే ఏమీ అనుకోను, తర్వాతి ఆదివారం చేస్తాను.

దీనికి జవాబు రాయక్కర్లేదు. ఆవకాయ తెచ్చావా?"

నువ్వు తిరగరాసుకున్నాక పైకి చదివి ఒకటే చూసుకో. ఇది చదివిన వెంటనే దాని నోటి నుంచి వచ్చే మొదటి మాట "సారీ" అయ్యేలా ఉందా? అలా ఉంటే ఏదో ఒక "భ" వాక్యం మళ్లీ దూరింది, వెతికి తీసెయ్యి. రెండోది, ఇది వాళ్లమ్మ కంటపడ్డా, ఆ అబ్బాయి కంటపడ్డా దానికి ఇబ్బంది రాకూడదు. నా ఐదు పేజీల దగ్గర నేర్చుకున్నది ఇది.

వాట్సాప్‌లో పంపొద్దు. నిశ్చితార్థమైన పిల్ల ఫోన్ చుట్టాల మెసేజీలతో మోగిపోతూ ఉంటుంది, ఏ మేనత్త పక్కన కూర్చుని ఉన్నప్పుడు తెరుస్తుందో తెలియదు. పైగా బ్లూ టిక్ పడ్డాక జవాబు వచ్చేదాకా నీకు నిద్ర ఉండదు. శనివారం అది బ్యాగులతో దిగగానే కూడా వద్దు. ఆ రోజు అది తెచ్చినవన్నీ విప్పుతుంది, ఫొటోలు చూపిస్తుంది, నువ్వు చూడు. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక కాగితం చేతికిచ్చి, "పాలు తెస్తా" అని చెప్పులేసుకుని కిందకి వెళ్లిపో. ఎదురుగా నిలబడితే నీ ముఖం చూస్తూ చదవాలి, అది దానికి కష్టం.

ఇరవై నిమిషాల తర్వాత తలుపు తీసేసరికి ఏడుస్తూ ఉండొచ్చు. పక్కన కూర్చో, ఏమీ అడక్కు. ఏమీ జరగనట్టు టీవీ చూస్తూ ఉండొచ్చు. అప్పుడూ "చదివావా" అని అడక్కు, ఆ వారమంతా అడక్కు. చదివిందని నీకు తెలుసు. కొందరికి ఇలాంటివాటికి జవాబు చెప్పడం రాదు, నాలుగు రోజుల తర్వాత నీకిష్టమైన కూర వండి పెడతారు. ఒకవేళ ఆ తర్వాత నీ ముందు పెళ్లి మాటలు తగ్గించిందనిపిస్తే, ఫోన్ మాట్లాడటానికి బాల్కనీలోకి వెళ్తోందంటే, చివుక్కుమన్న వాక్యం దానికి నువ్వనుకున్న దానికంటే గట్టిగా తగిలిందన్నమాట. మళ్లీ ఉత్తరం రాయొద్దు. "జాకెట్ డిజైన్లు తీయవే, చూద్దాం" అని ఫోన్ దాని చేతికి నువ్వే ఇవ్వు.